కొనేవాడి లెటర్‌హెడ్ మీద డన్స్ నంబర్ ఉంటే దేన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ చూసుకునే కుర్రాడొకడు ఓ రాత్రి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, అమెరికా ఆర్డర్ పడింది. రెండు కంటైనర్ల బ్లాక్ గెలాక్సీ, 3 సెంటీమీటర్ల స్లాబులు. పార్టీ హ్యూస్టన్‌లో పెద్ద కంపెనీ. డన్స్ నంబర్ కూడా ఇచ్చారు. నేను నెట్‌లో కొట్టి చూశా, కరెక్ట్‌గా వచ్చింది."

"డబ్బులు ఎలా ఇస్తామన్నారు తమ్ముడూ?"

"డీఏ 60 రోజులన్నా."

నేను ఒంగోలులో ఎగుమతి కాగితాలు చూసే పనిలో ఉన్నాను. డీఏ అంటే ఏమిటో ఆ కుర్రాడికి తెలియక కాదు. కొనేవాడు బిల్లు మీద 'ఒప్పుకున్నాను' అని సంతకం పెడితే చాలు, బ్యాంకు వాళ్లు కాగితాలు ఇచ్చేస్తారు. కాగితాలు చేతికొస్తే సరుకు చేతికొచ్చినట్టే. డబ్బు మాత్రం 60 రోజుల తర్వాత. కొత్త పార్టీకి ఇలా సరుకు వదలడానికి అతనికి ధైర్యమిచ్చింది ఆ తొమ్మిది అంకెలే. ఆ ధైర్యం ఎంతవరకు న్యాయమో తేల్చుకోవడం ఎలాగో, ఆ ఆర్డర్‌నే పట్టుకుని అడుగు అడుగుగా చెబుతాను.

ముందు ఆ నంబర్ ఎవరిదో తెలియాలి

డన్స్ నంబర్ ప్రభుత్వం ఇచ్చేది కాదు. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే ప్రైవేటు కంపెనీ ఇస్తుంది. దాని మూలాలు 1841లో న్యూయార్క్‌లో లూయిస్ టాపన్ పెట్టిన మర్కంటైల్ ఏజెన్సీలో ఉన్నాయి. ఊరూరా ఉన్న వ్యాపారుల్లో ఎవడు అప్పు సక్రమంగా తీరుస్తాడు, ఎవడు ఎగ్గొడతాడు అని సమాచారం సేకరించి, అది కావలసిన వాళ్లకు అమ్మడమే దాని పని. తర్వాత 1933లో రెండు పోటీ సంస్థలు కలిసి ఇప్పటి కంపెనీ అయింది. ఫైళ్లు పెరిగిపోయాక ఏ ఫైలు ఎవరిదో తికమక పడకుండా 1960లలో ఒక్కో ఫైలుకు తొమ్మిది అంకెల నంబర్ పెట్టారు. అదే డన్స్ నంబర్. ఎక్స్‌పీరియన్ లాంటి ఇతర సంస్థలు కూడా తమ ఫైళ్లకు ఇలాగే సొంత నంబర్లు పెట్టుకుంటాయి. వాటికీ కింద చెప్పేదే వర్తిస్తుంది.

అంటే అది ఒక కంపెనీ తన దగ్గరున్న ఫైళ్ల మీద వేసుకున్న గుర్తు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మన జీఎస్టీ నంబర్‌తో పోల్చి చూడండి. మొదట 37 కనిపిస్తే ఆంధ్రప్రదేశ్ అని తెలుస్తుంది. తర్వాతి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్. చివర్లో ఒక అక్షరం, రాసేటప్పుడు తప్పు దొర్లిందేమో పట్టుకోవడానికి ఉంటుంది. డన్స్ నంబర్‌లో ఇలాంటివేవీ ఉండవు. దేశం తెలియదు, రాష్ట్రం తెలియదు, ఏ రకం కంపెనీయో తెలియదు. ఒకప్పుడు చివరి అంకె తప్పులు పట్టే అంకెగా ఉండేది. 2006 ప్రాంతంలో అదీ తీసేశారు. కాబట్టి తొమ్మిది అంకెలు చూసి అది నిజమైన నంబరో, నోటికొచ్చింది రాశారో కాగితం మీద తేల్చలేం. వెతికి చూడాల్సిందే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ నంబర్ కోసం కంపెనీ దరఖాస్తు పెట్టనక్కర్లేదు. ఎవరైనా ఆ కంపెనీ గురించి రిపోర్టు అడిగితే, లేదా పబ్లిక్ రికార్డుల్లో దాని పేరు కనిపిస్తే, డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ వాళ్లే ఫైలు తెరిచి నంబర్ పెట్టేస్తారు. చీమకుర్తిలో ఎన్నో యూనిట్లకు వాటి ఓనర్లకే తెలియకుండా డన్స్ నంబర్లు ఉండొచ్చు. కాబట్టి "వాళ్లకు డన్స్ నంబర్ ఉంది" అన్న మాట "ఎవరో ఎప్పుడో వాళ్ల పేరు మీద ఒక ఫైలు తెరిచారు" అన్న మాటకంటే ఎక్కువేమీ చెప్పదు.

మొదటి అడుగు: కాగితం మీదున్నది ఉన్నట్టు రాసుకోండి

పర్చేజ్ ఆర్డర్ ముందు పెట్టుకుని ఐదు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి. కొనేవాడి పూర్తి పేరు, చివరనున్న 'ఎల్ఎల్‌సీ', 'ఇంక్' లాంటి తోకతో సహా. ఆఫీసు చిరునామా. సరుకు దిగాల్సిన చిరునామా. ఆర్డర్ పంపిన మనిషి పేరు, ఈమెయిల్, ఫోన్. చివరగా డన్స్ నంబర్. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ తేడాలు బయటపడేది ఇక్కడే. ఒకే పేరుతో ఒకటి 'ఇంక్', ఇంకొకటి 'ఎల్ఎల్‌సీ' ఉన్నాయంటే చట్టం దృష్టిలో అవి ఇద్దరు వేర్వేరు మనుషుల్లాంటివి. ఒకరి అప్పు ఇంకొకరి మెడకు చుట్టుకోదు.

మన కుర్రాడి ఆర్డర్‌లో ఆఫీసు హ్యూస్టన్‌లో ఉంది. సరుకు దిగాల్సింది మాత్రం న్యూజెర్సీలో, సరుకు రవాణా చూసే ఒక ఫ్రైట్ ఫార్వర్డర్ గోడౌన్‌లో. హ్యూస్టన్‌కు సొంత రేవు ఉండగా గ్రానైట్‌ను అంత దూరం ఎందుకు దించుకుంటారు? అప్పటికి నేను ఏమీ అనలేదు. పక్కన ఒక గీత గీసి ఉంచాను.

రెండో అడుగు: నంబర్ నుంచి పేరుకు వెళ్లండి, పేరు నుంచి నంబర్‌కు కాదు

dnb.com లో నంబర్ వెతికే పేజీ ఉచితం. ఆపిల్ కూడా యాప్‌లు పెట్టే కంపెనీలను డన్స్ నంబర్ అడుగుతుంది కాబట్టి, దాని డెవలపర్ సైట్‌లోనూ వెతికే సదుపాయం ఉంది. ఉచితంగా సాధారణంగా పేరు, చిరునామా, నంబర్ వరకే కనిపిస్తాయి. అప్పుల చరిత్ర కావాలంటే రిపోర్టు కొనుక్కోవాలి.

అమ్మేవాళ్లు చాలామంది కంపెనీ పేరు కొట్టి, ఆ పేరు కనిపించగానే "ఉంది" అని తృప్తి పడతారు. నంబర్‌నే కొట్టండి. వచ్చిన పేరును, చిరునామాను ఇందాక రాసుకున్న కాగితంతో అక్షరం అక్షరం సరిపోల్చండి.

రికార్డులో ఇంకోటి చూడాలి. అది ఒక్కటే చోట ఉన్న వ్యాపారమా, ప్రధాన కార్యాలయమా, బ్రాంచా అన్నది. డన్స్ నంబర్ చోటును బట్టి ఇస్తారు. ఒకే కంపెనీకి ఒంగోలులో ఆఫీసు, చీమకుర్తిలో ఫ్యాక్టరీ ఉంటే రెండు నంబర్లు ఉండొచ్చు. బ్రాంచి అయితే దాని బాకీ అసలు కంపెనీ బాకీయే. అనుబంధ కంపెనీ సంగతి వేరు. అది చట్టప్రకారం విడి మనిషి. పెద్ద కంపెనీ డన్స్ నంబర్ చూపించి, ఆర్డర్ మాత్రం దాని పిల్ల కంపెనీ పేరు మీద పంపితే, పిల్ల కంపెనీ దివాలా తీసిన రోజు పెద్దది మనవైపు తిరిగి కూడా చూడదు. ఇందులో మోసం ఉండక్కర్లేదు, అచ్చంగా చట్టబద్ధమే. అందుకే ఆర్డర్ మీద సంతకం పెట్టిన కంపెనీ, నంబర్ చూపించే కంపెనీ ఒక్కటే కావాలి.

మన ఆర్డర్‌లో నంబర్ సరిగ్గా ఉంది. పేరు సరిపోయింది, హ్యూస్టన్ చిరునామా సరిపోయింది. ప్రధాన కార్యాలయమే. కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు.

మూడో అడుగు: అసలు రిజిస్టర్ చూడండి

డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ ఫైల్లో ఉన్న సమాచారంలో కొంత ప్రభుత్వ రికార్డుల నుంచి, కొంత ఆ కంపెనీ స్వయంగా చెప్పుకున్నదాని నుంచి, కొంత దానికి సరుకు అమ్మినవాళ్ల నుంచి వస్తుంది. అందువల్ల ఫైలు పాతబడొచ్చు. కంపెనీ మూతపడినా నంబర్ ఇంకొకరికి ఇవ్వరు, ఫైలు అలాగే ఉంటుంది. కంపెనీ ఈ రోజు చట్టప్రకారం బతికే ఉందా అన్నది చెప్పాల్సింది దాన్ని నమోదు చేసిన ప్రభుత్వం.

అమెరికాలో కంపెనీలను నమోదు చేసేది రాష్ట్రాలు, కేంద్రం కాదు. టెక్సాస్ కంపెనీ అయితే ఆ రాష్ట్ర కంప్ట్రోలర్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అక్కడ 'రైట్ టు ట్రాన్సాక్ట్ బిజినెస్' అనే గడిలో ACTIVE అని ఉండాలి. డెలావేర్‌లో పేరు, నమోదు తేదీ ఉచితంగా కనిపిస్తాయి, ప్రస్తుత స్థితి కావాలంటే రుసుము కట్టాలి. బ్రిటన్ కంపెనీ అయితే కంపెనీస్ హౌస్‌లో డైరెక్టర్ల పేర్లు, దాఖలు చేసిన లెక్కలు కూడా ఉచితమే. మన పోర్టల్స్‌తో పోలిస్తే అది ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ఇక్కడ ఒక పాత కబురు పట్టుకుని తిరిగేవాళ్ల గురించి చెప్పాలి. "మేము అమెరికా ప్రభుత్వానికి సరుకు వేసే కంపెనీ, ఇదిగో డన్స్ నంబర్" అని కొందరు రాస్తారు. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టులకు ఆ నంబర్ తప్పనిసరి. కానీ 2022 ఏప్రిల్ 4 నుంచి దాన్ని తీసేసి, కాంట్రాక్టర్లు నమోదయ్యే ప్రభుత్వ సైట్ SAM.gov లో తామే ఇచ్చే 12 అక్షరాల సొంత గుర్తింపును వాడుతున్నారు. కాబట్టి ఇవాళ ఎవరైనా డన్స్ నంబర్‌ను ప్రభుత్వ గుర్తింపుగా చూపిస్తే, వాళ్లు పాత లెటర్‌హెడ్ వాడుతున్నారు, లేదంటే మనకు తెలియదని అనుకుంటున్నారు.

మన హ్యూస్టన్ కంపెనీ టెక్సాస్ రిజిస్టర్‌లోనూ నిక్షేపంగా ఉంది. ఇక్కడికి రెండు ముడులు గట్టిగా పడ్డాయి. నంబర్ ఆ కంపెనీదే. ఆ కంపెనీ నిజంగా ఉంది.

నాలుగో అడుగు: మెయిల్ పంపినవాడు ఆ కంపెనీ మనిషేనా?

మోసం ఎక్కువగా జరిగేది ఈ మూడో ముడి దగ్గరే. దీన్ని ఏ క్రెడిట్ సంస్థ నంబరూ వేయలేదు. డన్స్ నంబర్ రహస్యం కాదు, నెట్‌లో ఎవరైనా వెతుక్కుని ఎవరైనా కాపీ కొట్టొచ్చు. మన ఊళ్లో ఎవరి ఇంటి డోర్ నంబరైనా మీకు తెలిసినంత మాత్రాన ఆ ఇల్లు మీదైపోదు కదా. అదే లెక్క.

పైగా దొంగకు కావలసింది ఊరూ పేరూ లేని కంపెనీ కాదు, మంచి పేరున్న కంపెనీ. కంపెనీ ఎంత గొప్పదైతే దాని పేరు మీద అంత అప్పు పుడుతుంది. నంబర్ సరిపోవడం, రిజిస్టర్‌లో కనిపించడం ఇవన్నీ అలాంటి మోసంలో ముందే సరిపోయి ఉంటాయి. అమెరికా ఎఫ్‌బీఐ 2023 మార్చిలో సరిగ్గా దీని మీదే అమ్మేవాళ్లను హెచ్చరించింది. నిజమైన కంపెనీల పేరుతో, కొద్దిగా మార్చిన ఈమెయిల్ అడ్రసులతో, 30, 60 రోజుల అప్పు మీద సరుకు ఆర్డర్ చేస్తారని, నమ్మించడానికి దొంగ క్రెడిట్ రిఫరెన్సులు, దొంగ డబ్ల్యూ-9 పన్ను ఫారాలు పంపుతారని అందులో చెప్పింది. అలా పోయిన సరుకుల జాబితాలో నిర్మాణ సామగ్రి కూడా ఉంది.

కుర్రాడిని అడిగాను. డబ్ల్యూ-9 వచ్చింది. మూడు రిఫరెన్సులు కూడా వచ్చాయి. "వాళ్లకు ఫోన్ చేశానన్నా, ముగ్గురూ చాలా మంచి పార్టీ అన్నారు." రిఫరెన్సుల ఫోన్ నంబర్లు ఇచ్చింది ఎవరు? ఆ పార్టీయే. పెళ్లి సంబంధానికి పిల్లాడు మంచివాడా అని పిల్లాడి మేనమామను అడిగినట్టుంది ఇది.

తర్వాత చేసినవి ఇవి. ఇందులో ఏదీ కష్టం కాదు.

మొదట మెయిల్ అడ్రస్‌లో '@' తర్వాతి భాగం చూశాం. కంపెనీ అసలు వెబ్‌సైట్ పేరుకు చివర ఒక అడ్డగీత, 'group' అనే మాట కలిపి ఉంది. చూడ్డానికి మరీ సహజంగా ఉంది, అన్న కంపెనీ తమ్ముడి కంపెనీలా. ఇంటర్నెట్ పేర్ల రికార్డు చూపించే lookup.icann.org లో దాన్ని కొట్టాం. ఆ పేరు పుట్టి 19 రోజులే అయింది. కంపెనీ వయసేమో 20 ఏళ్ల పైమాటే.

తర్వాత ఫోన్. మెయిల్‌లో ఉన్న నంబర్‌కు చేయకూడదు. ఆ మెయిల్‌లోని లింకు నొక్కి వెబ్‌సైట్‌కు వెళ్లకూడదు కూడా, ఎందుకంటే దొంగలు వెబ్‌సైటునూ అచ్చుగుద్ది పెడతారు. కంపెనీ పేరు విడిగా వెతికి, డన్స్ రికార్డులోనో రాష్ట్ర రిజిస్టర్‌లోనో ఉన్న చిరునామాతో కలిసే వెబ్‌సైట్ తెరిచి, అందులోని ఆఫీసు నంబర్‌కు చేయాలి. హ్యూస్టన్‌లో ఉదయం 9 అంటే ఎండాకాలంలో మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30. అందుకని కుర్రాడు భోజనం చేసి వచ్చాక చేశాం.

రిసెప్షన్‌లో కొనుగోళ్ల విభాగానికి కలపమని అడిగాం. ఆర్డర్ మీదున్న పేరు గల ఆయన నిజంగానే అక్కడ పనిచేస్తున్నాడు. ఆయనే మాట్లాడాడు. తాను ఏ ఆర్డరూ పంపలేదని, తమ కంపెనీ నేరుగా ఇండియా నుంచి రాయి కొననే కొనదని, ఇలా అడిగిన వాళ్లలో మేం మొదటివాళ్లం కాదని చెప్పాడు. ఆయన గొంతులో విసుగు తప్ప ఆశ్చర్యం లేదు.

ఇలా ఫోన్ చేసేటప్పుడు "మీ కంపెనీ నిజమేనా?" అని అడగకండి. "మీ ఫలానా నంబర్ పర్చేజ్ ఆర్డర్ మీరు పంపిందేనా, ఫలానా గోడౌన్‌కు సరుకు పంపమన్నది మీరేనా?" అని అడగండి. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు మీకు ముందే తెలుసు.

ఐదో అడుగు: పార్టీ నిజమైనదే అయినా డబ్బిస్తుందా?

మూడు ముడులూ గట్టిగా పడ్డ ఆర్డర్ వచ్చిందనుకోండి. అప్పుడు మిగిలే ప్రశ్న చెల్లింపు తీరు. నంబర్ ఉండటం వేరు, స్కోరు ఉండటం వేరు అని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్‌కు పేడెక్స్ అనే స్కోరు ఉంది, 100కు ఇన్ని అని. 80 అంటే గడువుకే కడుతున్నట్టు. అంతకంటే తగ్గేకొద్దీ ఆలస్యం పెరుగుతున్నట్టు. కానీ ఆ కంపెనీకి సరుకు అమ్మినవాళ్లు కొందరైనా తమ లెక్కలు వాళ్లకు పంపితేనే ఆ స్కోరు పుడుతుంది. నిన్న తెరిచిన ఫైలుకు నంబర్ ఉంటుంది, స్కోరు ఉండదు. కాబట్టి ఉత్త నంబర్ చూపించి "మా క్రెడిట్ బాగుంది" అనేవాడికి ఆ రెండింటికీ తేడా తెలియదు, లేదా మీకు తెలియదని నమ్మకం.

మంచి స్కోరు ఉన్నా ఒక చిక్కుంది. అది గతం గురించి చెబుతుంది. కొన్ని ముఠాలు ఏళ్లనాటి ఖాళీ కంపెనీని కొనుక్కుని, చిన్న చిన్న ఆర్డర్లకు ఠంచనుగా డబ్బు కట్టి, పేరు తెచ్చుకుని, ఒకేసారి చాలామంది దగ్గర పెద్ద ఆర్డర్లు తీసుకుని మాయమవుతాయి. వాళ్ల విషయంలో నంబర్ నిజం, రిజిస్టర్ నిజం, స్కోరు నిజం, మనిషి కూడా నిజమే. దీనికి చూడాల్సిన గుర్తు ఒక్కటే: ఆర్డర్ సైజు ఒక్కసారిగా పెరగడం, దాంతోపాటు గడువు కూడా పెంచమనడం. రెండు నెలలకో కంటైనర్ తీసుకునేవాడు ఉన్నట్టుండి ఆరు కావాలి, 90 రోజులు కావాలి అంటే సంతోషపడటానికి ముందు ఒక రోజు ఆగండి.

ఎగుమతి చేసేవాళ్లకు మన దేశంలో ఈసీజీసీ ఉంది. విదేశీ పార్టీ డబ్బు ఎగ్గొడితే ఆదుకునే బీమా ఇచ్చే, 1957లో మొదలైన ప్రభుత్వ సంస్థ. పాలసీ తీసుకుంటే, మీరు చెప్పిన విదేశీ పార్టీ గురించి వాళ్లే రిపోర్టు తెప్పించి, ఆ పార్టీ మీద ఎంత అప్పు వరకు కవర్ ఇస్తారో పరిమితి చెబుతారు. ఆ పరిమితి అంకె మీరు సొంతంగా కొనుక్కునే ఏ రిపోర్టుకంటే ఎక్కువ మాట్లాడుతుంది, ఎందుకంటే రేపు నష్టం వస్తే జేబులోంచి తీయాల్సింది వాళ్లు. కానీ ఒక హెచ్చరిక. ఈసీజీసీ పరిమితి ఇచ్చేది ఆ పేరున్న అసలు కంపెనీ మీద. మీ సరుకు దాని పేరు పెట్టుకున్న దొంగకు చేరి, అసలు కంపెనీ "మేము ఆర్డరే ఇవ్వలేదు" అంటే, అది కొన్నవాడు ఎగ్గొట్టిన కేసు కింద తేలిగ్గా నిలవదు. అంటే నాలుగో అడుగు వేయకుండా ఐదో అడుగు వేస్తే ప్రయోజనం ఉండదు.

కొత్త పార్టీకి నేను చెప్పేది ఒక్కటే. మొదటి ఆర్డర్‌కు 30 శాతం అడ్వాన్సు, మిగతాది, సరుకు ఓడ ఎక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ చూపించాక, ఒరిజినల్స్ వదలకముందు. లేదంటే మంచి బ్యాంకు ఎల్‌సీ, అంటే సరైన కాగితాలు ఇస్తే డబ్బు తానే కడతానని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. గ్రానైట్‌కు ఇంకో బాధ ఉంది. 3 సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు దాదాపు 90 కిలోలు తూగుతుంది. ఒక 20 అడుగుల కంటైనర్‌లో 26 టన్నుల పైచిలుకు రాయి పడుతుంది. అది పరాయి దేశపు రేవులో దిగాక పార్టీ తప్పుకుంటే, వెనక్కి తెప్పించుకునే ఖర్చు, రేవులో సరుకు ఉండిపోయినందుకు రోజు రోజుకూ పెరిగే డెమరేజీ కలిసి సరుకు ఖరీదునే మింగేస్తాయి.

సరిపోలకపోతే వెంటనే దొంగ అనకండి

ఇంకోవైపు కూడా చూశాను. టెక్సాస్‌లోనే వంటింటి గట్లు కోసి అమర్చే చిన్న షాపు ఒకటి ఉంది. ఇచ్చిన డన్స్ నంబర్ కొడితే వేరే పేరు, వేరే చిరునామా వచ్చాయి. ఇక్కడ అమ్మేవాడు టెన్షన్ పడి ఆర్డర్ వదిలేద్దామన్నాడు. తీరా కనుక్కుంటే ఆ షాపు ఓనర్ మొదట ఇంటి నుంచి తన పేరుతోనే ఎల్ఎల్‌సీ పెట్టి వ్యాపారం మొదలుపెట్టాడు, తర్వాత షాపు పెట్టి దాని పేరు మార్చాడు. రాష్ట్ర రిజిస్టర్‌లో పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకే ఫైలు నంబర్ కింద ఉన్నాయి. క్రెడిట్ ఫైలును అతను సరిచేయించుకోలేదు, అంతే. ఇల్లు మారినా నంబర్ మారదు కాబట్టి, పాత చిరునామాతో నంబర్ కనిపించడం మామూలే.

తేడా వచ్చినప్పుడు ఆ తేడాకు కారణం అడగండి. నిజమైనవాడు పేరు మార్పు కాగితమో, రిజిస్టర్ లింకో పంపుతాడు, లేదంటే "అయ్యో, అది పాతది" అంటాడు. దొంగ మాత్రం తొందరపెడతాడు, లేదా అడగని కాగితాలు ఇంకో నాలుగు పంపుతాడు.

కొందరు పార్టీలు ఎల్ఈఐ అనే 20 అక్షరాల గుర్తింపు ఇస్తారు. అది క్రెడిట్ కంపెనీలది కాదు, అంతర్జాతీయ ప్రమాణం. సాధారణంగా ప్రభుత్వ రిజిస్టర్‌తో సరిచూసి ఇస్తారు, ఏటా పునరుద్ధరించుకోవాలి, ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. పునరుద్ధరించకపోతే LAPSED అని కనిపిస్తుంది. కంపెనీ ఉందా లేదా అన్నదానికి డన్స్ నంబర్ కంటే ఇది మెరుగైన సాక్ష్యం. మెయిల్ పంపినవాడు ఎవరన్నది మాత్రం ఇదీ చెప్పలేదు.

మీ సొంత నంబర్ అడిగితే

నెల్లూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు ఇది తప్పని పని. అమెరికాకు ఆహారం పంపే ప్లాంటు అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు కావాలి. ఆ నమోదులో ప్లాంటును గుర్తించే నంబర్‌గా వాళ్లు డన్స్ నంబర్ తీసుకుంటారు. రొయ్యలు ఒలిచే ప్లాంటు కావలిలోనో ముత్తుకూరులోనో ఉండి, నంబర్ నెల్లూరు ఆఫీసు చిరునామా మీద ఉంటే అక్కడ లెక్క కుదరదు. నంబర్ చోటును బట్టి ఇస్తారని ఇందాక చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. ప్లాంటు ఉన్న చిరునామాకే నంబర్ ఉండాలి, రెండుచోట్లా స్పెల్లింగు ఒక్కటే కావాలి.

కొత్త నంబర్ అడిగే ముందు మీ పేరు మీద ఇప్పటికే ఫైలు ఉందేమో వెతకండి. పాత కొనుగోలుదారు ఎప్పుడో రిపోర్టు అడిగి ఉంటే ఉండే ఉంటుంది. ఉంటే దాన్నే సరిచేయించుకోండి. అలా చేయకుండా కొత్తది తీసుకుంటే ఒకే ప్లాంటుకు రెండు నంబర్లు అవుతాయి, ఒకదానిలో చరిత్ర, ఇంకోదానిలో కొత్త చిరునామా మిగులుతాయి. అసలు ఫైలే లేని పక్షంలో దరఖాస్తు పెట్టండి, నంబర్ ఉచితమే. జీఎస్టీ సర్టిఫికెట్‌లో పేరు ఎలా ఉందో అలాగే, చుక్కలు, 'అండ్'లతో సహా ఇవ్వండి. త్వరగా కావాలంటే డబ్బు తీసుకునే మార్గం ఉంది. దరఖాస్తు పెట్టిన తర్వాత రేటింగులు, రకరకాల ప్యాకేజీలు తీసుకోమని ఫోన్లు రావొచ్చు. అవి నంబర్ కోసం తప్పనిసరి కావు, కావాలంటే తీసుకోండి, లేకపోతే వద్దనండి.

గోడకు తగిలించుకునేలా ఎఫ్‌డీఏ నమోదు సర్టిఫికెట్లు అమ్మే ఏజెంట్లున్నారు. నమోదైనంత మాత్రాన ఎఫ్‌డీఏ మీ ప్లాంటును మెచ్చినట్టు కాదు, ఆ సర్టిఫికెట్ ఇచ్చేది కూడా ఎఫ్‌డీఏ కాదు. మీ దగ్గర కొనేవాడు ఆ కాగితం అడిగితే ఇవ్వండి. ఎవరైనా ఆ కాగితం చూపించి మీ దగ్గర అప్పు అడిగితే మాత్రం పైన చెప్పిన నాలుగో అడుగు నుంచి మొదలుపెట్టండి.

ఇక చీమకుర్తి కుర్రాడు. ఆ రాత్రే దొంగ మెయిల్‌కు జవాబు రాయించాను. 30 శాతం అడ్వాన్సు పంపాలని, ఆర్డర్‌ను కంపెనీ అసలు వెబ్‌సైట్ పేరు మీదున్న ఈమెయిల్ నుంచి మళ్లీ పంపాలని అందులో అడిగాం. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు పొద్దున 45 రోజులకు ఒప్పుకుంటామని, డన్స్ నంబర్ ఇంకోసారి చూసుకోమని మెయిల్ వచ్చింది.